పోత ఇనుప పెనం మీద చింతపండు పులుసు: పొరకు నిజంగా ఏమవుతుందో చూసిన ప్రాజెక్టు డైరీ

ప్రశ్న, పెనాలు

పోత ఇనుప పెనంలో పులుపు వండకూడదని చాలామంది చెబుతారు, ఏళ్ల తరబడి వండుతున్నా ఏమీ కాలేదని చెప్పేవారూ ఉన్నారు. రెండు మాటలూ అనుభవం నుంచి వచ్చినవే కాబట్టి ఒకదాన్ని కొట్టిపారేయడం కంటే, ఏ పరిస్థితిలో ఏది నిజమవుతుందో తేల్చుకోవడం మేలనిపించింది. ఈ డైరీలో నేను వెతుకుతున్నది ఒక్కటే: చింతపండు రసం పెనానికి హాని చేస్తే ఆ హాని ఇనుముకా, దాని మీద మనం నూనెతో కట్టిన పొరకా, అది ఎంతసేపటికి మొదలవుతుంది, మొదలైందని ఎలా తెలుస్తుంది.

ఇందుకోసం ఒకే రకం, ఒకే కొలత గల మూడు లోతు పెనాలు తీసుకున్నాను. మూడింటికీ తయారీదారు వేసిన పలుచని నూనె పొర ముందే ఉంది. వాటిలో రెండింటికి ఓవెన్‌లో నాలుగు పూతలు వేసి, ఆ తరువాత కొన్ని వారాల పాటు నూనె వేసి వేపుళ్లు మాత్రమే చేశాను. ఈ రెండింటిలో ఒకదాన్ని చింతపండు రసానికి, రెండోదాన్ని పోలిక కోసం ఉప్పునీటికి కేటాయించి, వాటిని పులుసు పెనం, ఉప్పునీటి పెనం అని పిలుచుకున్నాను. మూడో పెనానికి ఒక్క పూత మాత్రమే వేసి, వేపుళ్లేవీ చేయకుండా ఉంచాను కాబట్టి దాని పేరు లేత పెనం. ఇలా చేస్తే రెండు పోలికలు ఒకేసారి దొరుకుతాయి. పులుసు పెనాన్ని ఉప్పునీటి పెనంతో పోల్చితే పులుపు వల్ల జరిగినదేదో, మామూలు తడి వల్ల జరిగినదేదో విడివిడిగా కనబడుతుంది. పులుసు పెనాన్ని లేత పెనంతో పోల్చితే పొర ముదురుదనం ఎంత కాపాడుతుందో తెలుస్తుంది.

పూతలు వేసిన పద్ధతి

సీజనింగ్ అని మనం పిలిచే పని పెనానికి నూనె తాగించడం కాదు. పోత ఇనుము స్పాంజిలా నూనె పీల్చుకోదు. సన్నగా రాసిన నూనె వేడికీ గాలిలోని ఆక్సిజన్‌కూ కలిసి మారిపోయి, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి, గట్టి పాలిమర్ పొరగా ఇనుము మీద అతుక్కుంటుంది. ఇలా ముడిపడే గుణం అసంతృప్త కొవ్వులు ఎక్కువగా ఉన్న నూనెలకే బాగా ఉంటుంది. అందుకే కొబ్బరి నూనెలాంటి సంతృప్త కొవ్వుల నూనెతో పొర సరిగా కట్టదు. అవిసె నూనె అన్నిటికంటే త్వరగా గట్టిపడుతుంది గాని, ఆ పొర పెళుసుగా ఉండి పెచ్చులుగా లేచిపోతుందన్న ఫిర్యాదు చాలామంది నుంచి వినిపిస్తుంది. పులుపును తట్టుకునే పొర కావాలనుకున్నప్పుడు పెచ్చులు లేచే గుణం అసలు పనికిరాదు కాబట్టి నేను శుద్ధి చేసిన సూర్యకాంతి నూనెను ఎంచుకున్నాను.

పెనాన్ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, చిన్న మంట మీద పెట్టి చెమ్మ పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాను. చేత్తో పట్టుకోగలిగినంత వేడి ఉన్నప్పుడే అర చెంచా నూనెను లోపల, వెలుపల, అడుగున, పిడికి కూడా పట్టించాను. తరువాతి పని మీదే పూత మంచిచెడ్డలు ఆధారపడతాయి: పొడి గుడ్డ తీసుకుని, అసలు నూనె రాయలేదేమో అన్నంతగా మొత్తం తుడిచేయాలి. తుడిచిన తరువాత కూడా కంటికి కనబడనంత నూనె మిగులుతుంది, పూతకు అదే సరిపోతుంది. తరువాత పెనాన్ని బోర్లించి, ఓవెన్‌లో 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచి, ఓవెన్‌లోనే చల్లారనిచ్చాను.

పూత సరిగా పడిందా లేదా అన్నది వేలితో రాస్తే తెలుస్తుంది. పొడిగా, నునుపుగా ఉంటే పడినట్లు. వేలికి జిగటగా తగిలితే నూనె ఎక్కువైందనో, వేడి చాలలేదనో అర్థం. అలాంటప్పుడు దాని మీద మరో పూత వేయకుండా, నూనె రాయకుండానే ఇంకో గంట ఓవెన్‌లో ఉంచితే చాలాసార్లు జిగట పోతుంది. జిగట పొర మీద పులుసు వండితే ఫలితం ముందే రాసిపెట్టుకోవచ్చు, అది మొదటి మరుగులోనే మెత్తబడి లేస్తుంది.

నాలుగో పూత తరువాత రెండు పెనాలూ ముదురు గోధుమ రంగు దాటి నల్లబడ్డాయి. అయినా ఆ పొరలో కంటికి కనబడని సూదిరంధ్రాలు ఉంటాయి. వాటిని కనిపెట్టడానికి, పెనం అడుగున అక్కడక్కడ ఉప్పునీటి చుక్కలు వేసి గంట తరువాత చూశాను. రెండు ముదురు పెనాల్లోనూ ఒకటి రెండు చోట్ల మాత్రమే సన్నని నారింజ చుక్క కనబడింది. లేత పెనంలో దాదాపు ప్రతి చుక్క కిందా కనబడింది. ముందుముందు జరిగినదంతా ఈ రంధ్రాల నుంచే మొదలైంది కాబట్టి ఈ పరీక్షను ఇక్కడే రాసిపెడుతున్నాను.

రసం, రంగు పరీక్ష

ప్రతి పరీక్షకూ ఒకే కొలత వాడాను: 300 మిల్లీలీటర్ల నీటిలో 15 గ్రాముల గింజలేని చింతపండు పిసికి, పిప్పి తీసేసి, 3 గ్రాముల ఉప్పు కలిపాను. మామూలు పులుసు పులుపుకు ఇది దగ్గరగా ఉంటుంది. చింతపండు పులుపుకు ప్రధాన కారణం టార్టారిక్ ఆమ్లం, గుజ్జులో దాని పాలు సుమారు 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. పీహెచ్ కాగితంతో చూస్తే ఈ రసం సుమారు 3 చూపించింది. టమాటా పీహెచ్ సాధారణంగా 4 దాటి ఉంటుంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లపు తీవ్రత పది రెట్లు పెరిగినట్లు కాబట్టి, టమాటా కూర వండినా పెనానికి ఏమీ కాలేదన్న అనుభవాన్ని చింతపండుకు అలాగే వర్తింపజేయడం సరికాదు.

రసంలోకి ఇనుము దిగిందో లేదో నాలుకతో మాత్రమే చెప్పడం నాకు సరిపోలేదు. పులుపు, ఉప్పు కలిసి ఇనుపరుచిని కొంత దాచేస్తాయి. అందుకని పాలు కలపని టీ డికాక్షన్‌ను వాడాను. టీలోని టానిన్లు ఇనుముతో కలిస్తే సిరాలాంటి నలుపు వస్తుంది. అయితే పులుపు ఎక్కువగా ఉన్న ద్రవంలో ఈ రంగు సరిగా రాదు, పైగా టార్టారిక్ ఆమ్లం ఇనుమును తనతో పట్టి ఉంచుతుంది. కాబట్టి రెండు చెంచాల చల్లారిన రసం తీసుకుని, పొంగడం ఆగేదాకా వంటసోడా చిటికెడు చిటికెడుగా కలిపి, ఆ తరువాత ఒక చెంచా చిక్కని డికాక్షన్ పోసి, ఐదు నిమిషాలు ఆగి, తెల్ల పింగాణీ కప్పులో చూశాను.

ఈ పరీక్షలో పోలిక కప్పు తప్పనిసరి. వంటసోడా పడితే టీ తనంతట తానే ముదురుతుంది, చింతపండుకూ సొంత రంగు ఉంది. అదే రసాన్ని అంతే సేపు స్టీలు గిన్నెలో మరిగించి, దానికీ ఇదే పరీక్ష చేసి పక్కన పెట్టుకుంటేనే తేడా చెప్పగలం. స్టీలు గిన్నె రసం ఎర్రటి గోధుమ రంగు దగ్గర ఆగిపోతుంది. ఇనుము దిగిన రసం బూడిద ఛాయతో మొదలై, ఎక్కువైన కొద్దీ సిరా నలుపు వైపు వెళుతుంది. ఇది ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే కొలత కాదు, ఏ కప్పులో ఎక్కువో చెప్పే పోలిక మాత్రమే.

పది నిమిషాల మరుగు

మూడు పెనాలనూ చిన్న మంట మీద పది నిమిషాలు మరిగించి, ద్రవాన్ని వెంటనే గాజు సీసాల్లోకి వంచేశాను.

పులుసు పెనం నుంచి వచ్చిన రసం, స్టీలు గిన్నె రసం పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉన్నాయి. టీ పరీక్షలో పులుసు పెనం కప్పు కాస్త బూడిద ఛాయ చూపించింది, అంటే ఇనుము కొద్దిగా దిగింది. రుచిలో మాత్రం తేడా తెలియలేదు. పెనాన్ని వేడినీటితో కడిగి ఆరబెట్టాక నిగారింపు ఒక మోస్తరుగా తగ్గింది. ఉప్పునీటి పెనం నిగారింపు కూడా దాదాపు అంతే తగ్గింది. కాబట్టి ఈ తగ్గుదలను పులుపు మీద వేయలేం. పొర పైన ఇంకా ముడిపడకుండా మిగిలిన నూనెను మరిగే నీరు కడిగేసిందన్నమాట. ఆరబెట్టి సన్నగా నూనె రాయగానే రెండూ మునుపటిలా కనబడ్డాయి.

లేత పెనం కథ వేరు. అందులో రసం పది నిమిషాలకే ముదిరి మసక రంగుకు మారింది. నాలుక చివర ఇనుపరుచి స్పష్టంగా తెలిసింది, టీ కప్పు నల్లగా తిరిగింది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డకు నల్లటి మరక అంటింది. మూడు పెనాలదీ ఒకే లోహం, పులుసు పెనంలోనూ ఇందులోనూ మరిగినది ఒకే రసం, మంట కూడా ఒకటే. తేడా అంతా పొరలోనే ఉంది. పులుపు వండినా ఏమీ కాలేదని చెప్పేవారి దగ్గర ముదురు పెనం, మొదటిసారే పాడైందని చెప్పేవారి దగ్గర లేత పెనం ఉండి ఉంటాయని ఈ పోలిక తరువాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

నలభై నిమిషాల మరుగు

రెండు ముదురు పెనాలతోనే ముందుకు వెళ్లాను. ఇంకుతున్న నీటికి బదులు వేడినీరు పోస్తూ, ద్రవం మట్టం ఒకేలా ఉండేట్లు చూస్తూ నలభై నిమిషాలు మరిగించాను.

ఈసారి పులుసు పెనంలో మార్పు మొదట అడుగున కనబడలేదు, ద్రవం అంచు పెనం గోడను తాకే గీత వెంట కనబడింది. ఆ గీతకు అటూ ఇటూ వేలెడు వెడల్పున పొర నిగారింపు పూర్తిగా పోయి, బూడిద కలిసిన నలుపుగా మారింది. ఆ చోట రసం చిందుతుంది, ఎండుతుంది, మళ్లీ చిందుతుంది. ఎండినప్పుడల్లా ఆమ్లమూ ఉప్పూ అక్కడ చిక్కబడతాయి, గాలీ బాగా తగులుతుంది. అడుగు భాగంలో, మొదట ఉప్పుచుక్కల పరీక్షలో రంధ్రాలున్నట్లు తేలిన చోట్ల, చిన్న మసక మచ్చలు వచ్చాయి. టీ కప్పు ఈసారి స్టీలు గిన్నె కప్పుతో పోల్చనవసరం లేనంత నల్లబడింది, రసంలో ఇనుపరుచి వచ్చింది.

ఉప్పునీటి పెనంలో అంచు గీత వెంట కొంచెం మసకబారడం తప్ప మరేమీ కనబడలేదు, నీరు తేటగానే ఉంది. ఈ తేడా మాత్రం పూర్తిగా పులుపుదే.

పులుసులో బెల్లం వేస్తే పెనానికి హాని తగ్గుతుందా అని కూడా ఇక్కడే చూశాను. అదే రసంలో బెల్లం కలిపి పీహెచ్ కాగితం ముంచితే అంకెలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తీపి నాలుకకు పులుపును తగ్గిస్తుందే గాని ఆమ్లాన్ని తగ్గించదు. పైన తేలే నూనె కూడా కాపాడదు, ఎందుకంటే పెనం అడుగును తాకుతున్నది నూనె కాదు, దాని కిందున్న పుల్లటి నీరు.

రాత్రంతా నిలవ ఉంచినప్పుడు

చాలా వంటిళ్లలో నిజంగా జరిగేది ఇదే: వండిన పులుసును పెనంలోనే ఉంచి మూత పెట్టడం. మరిగించిన రసాన్ని అలాగే పులుసు పెనంలో, ఉప్పునీటిని దాని పెనంలో రాత్రంతా ఉంచాను.

ఉదయానికి రసం మురికి నలుపు రంగుకు తిరిగింది, ఇనుపరుచి వల్ల తాగలేని స్థితిలో ఉంది. అందులో సన్నని నల్లటి పెచ్చులు తేలుతున్నాయి. వంచేశాక పెనం అడుగున నాణెమంత వెడల్పు బూడిద రంగు మచ్చలు కనబడ్డాయి, అవి పొర పోయి బయటపడ్డ ఇనుము. మచ్చల అంచున గోరు పెడితే పొర చిన్న చిన్న ముక్కలుగా లేచింది. ఉప్పునీటి పెనంలో తుప్పు చుక్కలు ఎక్కువే వచ్చాయి గాని, వాటి చుట్టూ పొర గట్టిగా అంటుకునే ఉంది, గోటికి లేవలేదు.

ఈ పెచ్చులను జాగ్రత్తగా చూడటం వల్ల నాకు అసలు విషయం తెలిసింది. అవి కరిగిన పొర కాదు, ముక్కలుగా ఊడిన పొర. వాటి పైభాగం ఇంకా నునుపుగానే ఉంది. అంటే చింతపండు ఆమ్లం పాలిమర్‌ను తినేయడం లేదు. అది సూదిరంధ్రాల గుండా కిందికి దిగి, పొర పట్టుకుని ఉన్న ఐరన్ ఆక్సైడ్‌నూ దాని కింది ఇనుమునూ కరిగిస్తోంది. ఆధారం పోయిన పొర తనంతట తానే లేస్తోంది. రాగి, ఇత్తడి పాత్రల మీది మకిలిని చింతపండు పోగొట్టేది కూడా ఇదే గుణంతో, లోహం మీది ఆక్సైడ్‌ను కరిగించే గుణంతోనే. పొరను నేరుగా కరిగించేవి క్షారాలు: కాస్టిక్ సోడాలాంటి ఘాటైన క్షారం కొవ్వు బంధాలను విడగొడుతుంది, అందుకే పాత పొరను పూర్తిగా తీసేయడానికి దాన్ని వాడతారు. గిన్నెలు తోమే మామూలు సబ్బుకు ఆ శక్తి లేదు కాబట్టి సబ్బు గురించి భయపడనవసరం లేదు.

ఇంకో సంగతి కూడా గమనించదగ్గది. పులుసు వంచిన క్షణంలో బూడిద మచ్చల మీద తుప్పు లేదు, ఎందుకంటే పుట్టిన తుప్పును ఆమ్లం అక్కడికక్కడే కరిగించేస్తోంది. నీటితో కడిగి ఒక్క పది నిమిషాలు గాలికి వదిలేసరికి నారింజ రంగు వచ్చేసింది. కాబట్టి పులుసు వండిన పెనాన్ని కడిగి గిన్నెల బుట్టలో బోర్లించి వదిలేయడం, పులుసు వండటం కంటే ఎక్కువ తుప్పు తెస్తుంది.

ఎంత ఇనుము పోయింది అన్న లెక్క

15 గ్రాముల చింతపండులో పది శాతం టార్టారిక్ ఆమ్లం ఉందనుకుంటే 1.5 గ్రాములు అవుతుంది. రసాయన లెక్క ప్రకారం ఆ ఆమ్లం మొత్తం ఖర్చయ్యేదాకా ఇనుముతో చర్య జరిగితే అర గ్రాముకు కాస్త పైగా, అంటే సుమారు 550 మిల్లీగ్రాముల ఇనుము కరగగలదు. నిజంగా అంత కరగదు. 1986లో బ్రిటిన్, నోసమన్ అనే పరిశోధకులు ఇనుప పాత్రలో వండిన ఆహారాల్లో ఇనుమును కొలిచినప్పుడు, పుల్లటి యాపిల్ గుజ్జులో 100 గ్రాములకు 0.35 మిల్లీగ్రాములున్న ఇనుము సుమారు 7 మిల్లీగ్రాములకు పెరిగింది. నా 300 మిల్లీలీటర్ల రసంలోనూ అదే స్థాయి అనుకుంటే 20 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది.

ఈ రెండు అంకెల మధ్య దూరమే నాకు ముఖ్యంగా తోచింది. ఒక వంటలో ఆమ్లం అయిపోయి చర్య ఆగిపోవడం జరగదు, ఇంకా కరిగించగల శక్తి దానికి మిగిలే ఉంటుంది. చర్యను ఆపేది మనం ద్రవాన్ని పెనంలోంచి తీసేసే సమయం మాత్రమే. అందుకే చింతపండు కొంచెం తగ్గించడం కంటే, అది పెనంలో ఉండే సేపు తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక పెనం సంగతికి వస్తే, రెండు కిలోల పెనంలోంచి వంటకు 20 మిల్లీగ్రాములు పోయినా, అలాంటి వంటలు వెయ్యి చేస్తే 20 గ్రాములు, అంటే ఒక్క శాతం పోతుంది. ఇనుముగా పెనానికి జరిగే నష్టం లెక్కలోకి రాదు. పోయేది పొర, చెడేది రుచి.

ఆహారంలోకి దిగిన ఆ కాస్త ఇనుము చాలామందికి హాని కాదు. అయితే శరీరంలో ఇనుము పేరుకుపోయే హీమోక్రోమటోసిస్ ఉన్నవారికి, తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునేవారికి పుల్లటి వంటలు ఇనుప పెనంలో వండిపెట్టకూడదు. ఆ ఇళ్లలో పెనం పొర గురించిన చర్చకంటే ఇది ముందు ఆలోచించవలసిన విషయం.

నిజమైన వంటలో పెట్టుకున్న క్రమం

ఈ ఫలితాల తరువాత పులుసు వండే క్రమాన్ని మార్చాను. తాలింపు, ఉల్లిపాయలు, కూరగాయలు వేయించడం అంతా పోత ఇనుప పెనంలో చేస్తాను, ఆ పనిలోనే దాని నిలకడైన వేడి ఉపయోగపడుతుంది. అదే సమయంలో చింతపండు రసాన్ని పక్కనే స్టీలు గిన్నెలో పచ్చివాసన పోయేదాకా మరిగిస్తాను. వేగినవాటిలో చివర ఆ రసం పోసి, ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉడికించి, మంట ఆర్పగానే మొత్తం వేరే గిన్నెలోకి మారుస్తాను. ముక్కలు గంటసేపు ఉడకవలసిన పులుసైతే అసలు ఈ పెనం జోలికి పోను, దానికి స్టీలు గాని మట్టి పాత్ర గాని తగినది. గాజు పూత ఉన్న ఎనామెల్ పోత ఇనుప పాత్ర ఉంటే ఈ నియమాలేవీ అక్కర్లేదు, పూత ఎక్కడా చిట్లి ఇనుము బయటపడకుండా ఉంటే చాలు.

వంచేశాక పెనం చల్లారకముందే, కాని మరీ కాలుతున్నప్పుడు కాకుండా, వేడినీటితో సబ్బు వేసి కడిగి, వెంటనే తుడిచి, చిన్న మంట మీద ఆరబెట్టి, రెండు చుక్కల నూనె రాసి తుడిచేస్తాను. రెండు పులుసుల మధ్య కనీసం రెండు మూడు సార్లు నూనెతో వేపుళ్లు చేస్తున్నాను. ఈ పద్ధతిలో వాడుతున్నంత కాలం ఉప్పునీటి పెనం నిగారింపు తగ్గలేదు, అంచు గీత కూడా కనబడలేదు. దానికి పరీక్ష పని అయిపోయింది కాబట్టి, తుప్పు చుక్కలు తోమి ఒక పూత వేశాక దాన్నే వంటకు వాడుతున్నాను.

లేత పెనానికి మాత్రం ఇప్పట్లో పులుపు పెట్టను. అడుగున ఉప్పుచుక్కల పరీక్ష చేసినప్పుడు నారింజ చుక్కలు రావడం దాదాపు ఆగేదాకా వేపుళ్లకే వాడతాను. పూతలు లెక్కపెట్టుకోవడం కంటే ఈ పరీక్షనే నేను ఎక్కువ నమ్ముతున్నాను, ఎందుకంటే లావుగా వేసిన పూతలు ఎన్ని ఉన్నా రంధ్రాలు మూసుకుపోవు.

పులుసు పెనం మరమ్మతు

పొర లేచిన పెనాన్ని చూడగానే మొత్తం గీకి కొత్తగా మొదలుపెట్టాలనిపిస్తుంది గాని అది అనవసరం. మచ్చల అంచున వదులైన పొరను చెక్క గరిటె అంచుతో గీకి, నారింజ తుప్పును స్టీలు పీచుతో సబ్బు వేసి, గుడ్డకు నారింజ రంగు అంటనంత వరకు తోమాను. తుప్పు తీయడానికి వెనిగర్ వాడలేదు, ఎందుకంటే అదీ ఆమ్లమే, మచ్చ చుట్టూ ఉన్న మంచి పొర కిందికి కూడా దిగుతుంది. కడిగిన మరుక్షణం మంట మీద ఆరబెట్టాను, ఆలస్యమైతే మళ్లీ నారింజ ఛాయ వచ్చేస్తుంది.

తరువాత మొదట చెప్పిన పద్ధతిలోనే ఓవెన్ పూతలు వేశాను. మొదటి పూతకు మచ్చలు గోధుమ రంగుకు తిరిగాయి, మూడో పూతకు చుట్టూ ఉన్న నలుపులో దాదాపు కలిసిపోయాయి. వేలితో రాస్తే పాత పొరకూ కొత్త పొరకూ మధ్య సన్నని గట్టులాంటిది ఇంకా తగులుతోంది. అది వేపుళ్లతో నెమ్మదిగా సమానమవుతుంది.

ఓవెన్ లేనివారు పొయ్యి మీద కూడా ఈ పని చేయవచ్చు: సన్నగా నూనె రాసి, తుడిచి, కిటికీలు తెరిచి, మధ్యస్థ మంట మీద పొగ వచ్చి తగ్గేదాకా ఉంచి, చల్లార్చి, మళ్లీ చేయాలి. అయితే పొయ్యి వేడి అడుగు మధ్యభాగానికి బాగా తగిలి గోడలకు తక్కువగా తగులుతుంది. పులుసు ముందుగా దెబ్బతీసేది గోడమీది అంచు గీతనే కాబట్టి, ప్రతిసారి పెనాన్ని వాల్చి తిప్పుతూ గోడలను కూడా మంటకు చూపించాలి. లేకపోతే పైకి నల్లగా కనబడే పెనం మళ్లీ అదే గీత దగ్గర లేస్తుంది.

మరమ్మతు చేసిన పెనంలో అదే కొలత రసాన్ని మళ్లీ పది నిమిషాలు మరిగించి చూశాను. టీ కప్పు రంగు, మొదట ముదురు పొరతో వచ్చినదానికంటే కాస్త ఎక్కువ బూడిదగా, లేత పెనం కప్పుకంటే చాలా తేటగా ఉంది. రసంలో ఇనుపరుచి లేదు. ఉప్పుచుక్కలు వేస్తే పాత మచ్చల చోట రెండు నారింజ చుక్కలు ఇంకా వస్తున్నాయి, అవి ఆగేదాకా ఈ పెనంలో వేపుళ్లే.